పెద్ద మెయిల్ చైన్ ఫార్వర్డ్ చేసేటప్పుడు పైన ఏం రాయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై, ముప్పై మెయిళ్లు నడిచిన చైన్‌ని, అందులో మొదటినుంచీ లేని ఒక మనిషికి నిర్ణయం కోసం పంపాల్సి వస్తుంది చూడండి, ఈ ప్రశ్నలన్నీ ఆ ఒక్క సందర్భం గురించే. ఉత్తినే సమాచారం కోసం పంపేవాటి గోల వేరు.

కింద అన్నీ ఉన్నాయి కదా, మళ్లీ పైన రాయడం దేనికి?

అన్నీ ఉండవు, అసలు గొడవ అక్కడే. మీరు చైన్‌లోని చివరి మెయిల్ తెరిచి ఫార్వర్డ్ కొడితే వెళ్లేది ఆ మెయిల్, దాని కింద అతుక్కుని వచ్చిన పాత మెయిళ్లు. ఒకే మెయిల్‌కి ఇద్దరు విడివిడిగా రిప్లై ఇచ్చినప్పుడు చైన్ అక్కడ రెండుగా చీలిపోతుంది, ఆ తర్వాత ఎవరు ఏ కొమ్మ మీద రిప్లై ఇస్తే ఆ కొమ్మే కిందికి వెళ్తుంది. మీ మెయిల్‌బాక్స్‌లో రెండు కొమ్మలూ ఒకే సంభాషణగా, తేదీల వరసలో కనిపిస్తాయి కాబట్టి మీకు తేడా తెలీదు. అవతలి మనిషికి మాత్రం ఒక్క కొమ్మే చేరుతుంది, రెండోది ఉందన్న సంగతి కూడా వాళ్లకి తెలియదు.

పోనీ అన్నీ చేరాయనుకుందాం. చదివే వరస తలకిందులుగా ఉంటుంది. కొత్తది పైన, పాతది అట్టడుగున. ఫోన్‌లో చూసేవాళ్లు అడుగుదాకా జరుపుకుంటూ వెళ్లి అక్కణ్నుంచి పైకి చదువుకుంటూ రావాలి, ప్రతి మెయిల్ కింద సంతకాలు, ఫోన్ నంబర్లు, నాలుగైదు లైన్ల నోటీసులు దాటుకుంటూ. జీమెయిల్ లాంటివాటిలో పాత భాగం చాలాసార్లు మూడు చుక్కల వెనక దాక్కుంటుంది, మెయిల్ 102 కేబీ దాటితే మిగతాది కోసేసి అడుగున `View entire message` అని చూపిస్తుంది. మీటింగుకి నడుస్తూ ఫోన్ చూసుకునే మనిషి అది నొక్కుతారని నేనైతే నమ్మను.

ఇంకో ప్రమాదం ఉంది, ఇది బయటికి కనిపించదు. చైన్‌లో పాత సమాచారం, కొత్త సమాచారం పక్కపక్కనే ఉంటాయి. ఐదో మెయిల్లో ఒక తేదీ, ఇరవయ్యో మెయిల్లో మారిన తేదీ. చదివేవాళ్లు ఐదో మెయిల్ దగ్గర ఆగిపోయి దాన్నే పట్టుకుంటే, ఆ తప్పు నిర్ణయం వాళ్ల ఖాతాలో పడుతుంది గానీ దానికి బీజం వేసింది ఊరికే ఫార్వర్డ్ కొట్టినవాళ్లే.

"FYI", "కింది మెయిల్ చూడండి" అని రాస్తే చాలదా?

నిజంగా సమాచారం కోసమే అయితే, చైన్ రెండు మూడు మెయిళ్లే అయితే చాలు. నిర్ణయం కావాల్సిన చోట మాత్రం "కింది మెయిల్ చూడండి" అంటే చదివినవాళ్లకి మిగిలే ప్రశ్న ఒకటే: చూశాను, అయితే నన్ను ఏం చేయమంటారు? ఆ ప్రశ్న అడుగుతూ వాళ్లు రిప్లై ఇస్తారు, మీరు జవాబు ఇస్తారు, ఈలోపు ఒక రోజు గడుస్తుంది. ఎలాగూ రాయాల్సిందే రెండో మెయిల్లో రాస్తున్నారు, అంతే తేడా.

అయితే పైన ఏం ఉండాలి, ఎంత ఉండాలి?

ఫోన్‌లో ఒక తెర, మరీ తప్పకపోతే ఒకటిన్నర. అంతకంటే పెరిగితే మీరు సారాంశం రాయట్లేదు, చైన్‌ని తిరగరాస్తున్నారు.

మొట్టమొదటి వాక్యంలోనే వాళ్ల నుంచి మీకేం కావాలో, ఎప్పటిలోపు కావాలో ఉండాలి. ఇది మనకి కాస్త ఇబ్బందిగా అనిపిస్తుంది, ఎందుకంటే ముందు నేపథ్యం చెప్పి, జరిగింది చెప్పి, చివర్లో "కాబట్టి మీరు దయచేసి" అని అడగడం మర్యాదగా తోస్తుంది. కానీ ఏం అడగబోతున్నారో తెలియకుండా నేపథ్యం చదివే మనిషికి అందులో ఏది ముఖ్యమో పట్టుకోవడం కుదరదు, అడిగింది తెలిశాక మళ్లీ మొదటినుంచి చదువుకోవాలి. ఇన్‌బాక్స్ జాబితాలో కూడా సబ్జెక్ట్ పక్కన కనిపించేది ఈ మొదటి వాక్యపు ముక్కే.

ఆ తర్వాత ఇప్పుడు పరిస్థితి ఎక్కడుందో. గమనించండి, "ఏం జరిగింది" కాదు, "ఇప్పుడు ఎక్కడుంది". ఈ రెండింటికీ తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మూడో తేదీన ఎవరు ఎవర్ని అడిగారు, వాళ్లు ఐదున ఏం చెప్పారు, ఏడున ఎవరు గుర్తుచేశారు అన్న వరస ఎవరికీ అక్కర్లేదు. ఆ కథంతా నడిచాక చివరికి తేలిందేంటి, తేలనిదేంటి అన్నదే కావాలి.

ఆ తర్వాత ఉన్న దారులు, ఒక్కోదానికి ఉన్న చిక్కు. చివర్లో, స్వయంగా చూసుకోవాలనుకుంటే ఏ మెయిల్ చూడాలో: ఎవరు రాసింది, ఏ తేదీది. ముప్పై మెయిళ్లలో నిజంగా చూడదగ్గవి రెండో మూడో ఉంటాయి.

ఒక ఉదాహరణ చూపిస్తారా?

ఒక సంస్థలో శిక్షణ పుస్తకం అచ్చు వేయిస్తున్నారనుకుందాం. 500 కాపీలు, 240 పేజీలు. లోపలి పేజీలకి 80 జీఎస్‌ఎమ్ పేపర్ అని ఆర్డర్ ఇచ్చారు. ప్రెస్ వాళ్లు ఆ పేపర్ అయిపోయింది, 70 జీఎస్‌ఎమ్, అంటే కాస్త పల్చటిది, అయితే వెంటనే ఉంది అన్నారు. అక్కడ మొదలై ప్రెస్, డిజైనర్, శిక్షణ విభాగం, కొనుగోలు విభాగం కలిసి పది రోజుల్లో 27 మెయిళ్లు రాసుకున్నారు. ఇప్పుడు నిర్ణయం విభాగం హెడ్ దగ్గరికి వెళ్లాలి. ఆవిడ ఈ చైన్‌లో ఎక్కడా లేరు.

మామూలుగా వెళ్లే మెయిల్ ఇది:

> మేడమ్, కింది ట్రెయిల్ మెయిల్ చూసి మీ నిర్ణయం తెలియజేయగలరు.

దీని బదులు వెళ్లాల్సింది ఇలా ఉంటుంది:

> సబ్జెక్ట్: రేపు 13న సాయంత్రం 5 లోపు నిర్ణయం కావాలి: శిక్షణ పుస్తకానికి ఏ పేపర్
>
> మేడమ్, శిక్షణ పుస్తకం 500 కాపీలకు ఏ పేపర్ వాడాలో రేపు (13) సాయంత్రం 5 లోపు మీరు చెప్పాలి. ఆ తర్వాత ప్రెస్ వాళ్లు మనకి ఉంచిన మెషీన్ టైమ్ వేరేవాళ్లకి ఇచ్చేస్తారు.
>
> ఇప్పటి పరిస్థితి: మనం ఆర్డర్ ఇచ్చిన 80 జీఎస్‌ఎమ్ 20న వస్తుంది. కింద ఒక పాత మెయిల్లో 17 అని ఉంది, అది మారింది. 70 జీఎస్‌ఎమ్ ఇప్పుడే ఉంది. పేపరూ, ఫైలూ చేతికొచ్చాక ప్రెస్‌కి 5 రోజులు కావాలి. క్లాసులు 24న మొదలు.
>
> 1. అన్నీ 70లో: కవర్ ఫైల్ 14కి ఇస్తే కాపీలు 19కి వస్తాయి. శిక్షణ విభాగానికి అభ్యంతరం ఉంది, నమూనాలో వెనక పేజీ బొమ్మలు ఇవతలికి కనిపిస్తున్నాయి.
> 2. 80 కోసం ఆగడం: కాపీలు 25న, అంటే క్లాసులు మొదలైన మర్నాడు.
> 3. మొదటి బ్యాచ్‌కి 150 కాపీలు 70లో, తర్వాతి బ్యాచ్‌లకి 350 కాపీలు 80లో. కవర్ ఫైళ్లు రెండు కావాలి. విడగొడితే రేటు మారుతుందా అన్నది ప్రెస్ ఇంకా చెప్పలేదు, ఉదయం అడిగాను.
>
> పేపర్ మారితే పుస్తకం వెన్ను మందం దాదాపు 1 మి.మీ. తగ్గుతుంది, కవర్ ఫైల్ మార్చాలి అని డిజైనర్ 9న రాశారు. ఆ మెయిల్ ఈ చైన్‌లో లేదు, విడిగా జతచేశాను.
>
> నా అభిప్రాయం: మూడోది, రేటు పెరగకపోతే.
>
> చూడాలంటే ఈ రెండు చాలు: ప్రెస్ 12న ఉదయం రాసింది, శిక్షణ విభాగం 10న రాసింది.

ఆవిడ దీన్ని రెండు నిమిషాల్లో చదివి "3 సరే, రేటు పెరిగితే 1" అని ఒక్క లైన్ రిప్లై ఇవ్వగలరు. దారులకి నంబర్లు ఇచ్చింది అందుకే.

ఇందులో రెండు చోట్లు మళ్లీ చూడండి. ఒకటి, 17 అన్న పాత తేదీ. సారాంశంలో ఊరికే 20 అని రాసి వదిలేస్తే, ఆవిడ కింద చూసుకుంటూ వెళ్లి 17 చూసి, "వీళ్లు తప్పు రాశారేమో, 17కి వస్తే 22కి కాపీలొస్తాయి కదా, ఆగుదాం" అనుకునే వీలుంది. 17+5 లెక్క చాలా నమ్మశక్యంగా ఉంటుంది మరి. అందుకని చైన్‌లో మీ మాటకి ఎదురు నిలిచే పాత సమాచారం ఉంటే, అది పాతదని మీరే చెప్పాలి.

రెండోది డిజైనర్ మెయిల్. 240 పేజీలంటే 120 ఆకులు, 80 జీఎస్‌ఎమ్ ఆకు మందం ఇంచుమించు 0.1 మి.మీ., అంటే వెన్ను 12 మి.మీ. దగ్గర వస్తుంది. 70లో అది పల్చబడుతుంది. పాత ఫైల్‌తోనే కవర్ అచ్చేస్తే వెన్ను మీది అక్షరాలు పక్కకి జరిగి అట్ట మీదికి వచ్చేస్తాయి. ఈ సంగతి చెప్పిన మెయిల్ చీలిన కొమ్మ మీద ఉంది: డిజైనర్ 8వ తేదీ మెయిల్‌కి రిప్లై ఇచ్చారు, మిగతావాళ్లంతా అదే మెయిల్‌కి ఇంకెవరో ఇచ్చిన రిప్లై మీద మాట్లాడుకుంటూ పోయారు. చివరి మెయిల్ ఫార్వర్డ్ చేస్తే డిజైనర్ మాట ఎక్కడా కనపడదు.

ఇది రాయాలంటే 27 మెయిళ్లూ నేను చదవాలా?

చదవాలి. తప్పదు. అవతలి మనిషి చదవకుండా ఉండాలంటే మీరు చదవాలి, ఆ పని ఎవరో ఒకరు చేయాల్సిందే కదా, నలుగురికి పంపేటప్పుడు నలుగురూ విడివిడిగా తవ్వుకోవడం కంటే ఒక్కరు చదవడం నయం.

కాకపోతే ఎలా చదవాలన్నదాంట్లో ఒక కిటుకు ఉంది. ఫార్వర్డ్ చేయబోయే మెయిల్ తెరిచి కిందికి చదవకండి. మీ మెయిల్‌బాక్స్‌లో సంభాషణ తెరిచి పాతదాని నుంచి కొత్తదానికి, ఒక్కో మెయిల్‌లో పైన కొత్తగా రాసిన ముక్క మాత్రమే చదువుకుంటూ రండి. కింద అతుక్కున్నదంతా మీరు అప్పటికే చదివేసిందే. ఇలా అయితే చీలిన కొమ్మలు కూడా తేదీల వరసలో వచ్చేస్తాయి, ఏదీ తప్పిపోదు.

చదివేటప్పుడు పక్కన కాగితం మీద మూడు రకాలవే రాసుకోండి: తేదీ లేదా అంకె ఉన్న మాటలు, ఎవరైనా "సరే" అనో "కుదరదు" అనో తేల్చిన మాటలు, జవాబు రాని ప్రశ్నలు. ఒక అంకె మారినప్పుడల్లా పాతది కొట్టేసి కొత్తది రాయండి. చివరికి కొట్టేయకుండా మిగిలినవి మీ "ఇప్పటి పరిస్థితి", కొట్టేసినవి మీరు హెచ్చరించాల్సినవి. ఇక జవాబు రాని ప్రశ్నలంటారా, చైన్ ఇంత పొడుగు అవ్వడానికి కారణం చాలాసార్లు అవే. ఎవరో ఆరో మెయిల్లో అడిగారు, ఎవరూ పట్టించుకోలేదు, దాని చుట్టూ ఇరవై మెయిళ్లు తిరిగాయి.

ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు, ఎవరిది నిజమో నాకే తెలీదు. అప్పుడు?

తెలీదనే రాయండి. "పేపర్ వచ్చే తేదీ ప్రెస్ 20 అంటున్నారు, కొనుగోలు విభాగం 18 అంటోంది, రాతపూర్వకంగా ఉన్నది ప్రెస్ మాట" అంటే చదివేవాళ్లకి సరిపోతుంది. ఇద్దరి మాటల్నీ కలిపి "దాదాపు 19" అని మధ్యలో ఒక అంకె తీయడం మాత్రం చేయొద్దు, ఆ 19 ఎవరూ చెప్పలేదు.

వీలైతే పంపేముందు ఒక ఫోన్ చేసి తేల్చుకోవడం ఇంకా మంచిది. అలా తేల్చుకుంటే "12న ఫోన్‌లో అడిగాను, 20 అని చెప్పారు" అని రాయండి. చైన్‌లో కనిపించని సమాచారం సారాంశంలోకి వచ్చిందంటే, అది ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పకపోతే కింద వెతికేవాళ్లు దొరక్క టెన్షన్ పడతారు.

నా అభిప్రాయం కలపొచ్చా?

కలపాలి, కానీ కనపడేలా విడిగా. "నా అభిప్రాయం" అని పేరు పెట్టి ఒక లైన్. అభిప్రాయాన్ని వాస్తవాల్లో నానబెట్టి పంపడం అసలు సమస్య. "శిక్షణ విభాగం అనవసరంగా పట్టుబట్టడం వల్ల ఆలస్యమైంది" అన్నది పరిస్థితి కాదు, మీ తీర్పు. "శిక్షణ విభాగానికి అభ్యంతరం ఉంది, వెనక పేజీ బొమ్మలు ఇవతలికి కనిపిస్తున్నాయి" అన్నది పరిస్థితి. మీకు నచ్చని దారి గురించి రాసేటప్పుడు ఒకసారి ఆగి చూసుకోండి: ఆ దారి కావాలన్నవాళ్లు ఈ వాక్యం చదివితే "అవును, మేం చెప్పింది ఇదే" అంటారా? అనకపోతే మళ్లీ రాయండి.

ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పట్లేదు. మీరు రాసిన సారాంశం కూడా ఆ క్షణం నుంచి చైన్‌లో భాగమే. మేడమ్ గారు రిప్లై ఇస్తూ శిక్షణ విభాగాన్నీ, ప్రెస్‌నీ సీసీలో చేర్చితే మీ మాటలు వాళ్ల తెర మీద కింద కనిపిస్తాయి. చేర్చరులే అనుకోకండి, నిర్ణయం చెప్పాల్సింది వాళ్లకే కదా, చేర్చుతారు.

సబ్జెక్ట్ లైన్ మార్చాలా, అలాగే ఉంచాలా?

నిర్ణయం కోసం కొత్త మనిషికి పంపేటప్పుడు మార్చండి. మొదట్లో "పుస్తకం ప్రింటింగ్ కొటేషన్" అని మొదలైన చైన్ ఇప్పుడు పేపర్ గొడవకి వచ్చింది, పాత సబ్జెక్ట్‌కీ విషయానికీ సంబంధం లేదు. పైగా ముందర `Fwd: Re: Re: FW:` అని తోక పేరుకుంటే ఫోన్‌లో కనిపించే నాలుగు మాటల్లో మూడు అవే.

ఒక్క నష్టం ఉంది. జీమెయిల్లో సబ్జెక్ట్ మారిస్తే అది కొత్త సంభాషణ అవుతుంది, మీ మెయిల్‌బాక్స్‌లో పాత చైన్ నుంచి విడిపోతుంది. ఇది కొత్త మనిషికి ఇబ్బంది కాదు, ఆమెకి పాతది లేదు కాబట్టి. రేపు వెతుక్కోవాల్సింది మీరే, అందుకని పాత సబ్జెక్ట్‌లోని ఒక గుర్తుపట్టే మాట, ఆర్డర్ నంబర్ లాంటిది, కొత్తదాంట్లో కూడా ఉంచుకోండి.

అటాచ్‌మెంట్లు వాటంతటవే వెళ్లిపోతాయా?

మీరు ఫార్వర్డ్ చేస్తున్న ఆ ఒక్క మెయిల్‌కి ఉన్నవి వెళ్తాయి. దాని కింద ఉన్న పాత మెయిళ్లవి వెళ్లవు, ఎందుకంటే మామూలుగా రిప్లై కొట్టినప్పుడే అటాచ్‌మెంట్లు రాలిపోతాయి. కాబట్టి కింద ఎక్కడో "జతచేసిన నమూనా చూడండి" అని ఉంటుంది, నమూనా మాత్రం ఉండదు. చదివేవాళ్లకి ఇంతకంటే చిరాకు పుట్టించేది లేదు.

నిర్ణయానికి అవసరమైన ఫైల్ ఏదో చూసి దాన్ని విడిగా జతచేయండి, ఒకే ఫైల్ నాలుగు వెర్షన్లు తిరిగి ఉంటే చివరిది మాత్రమే. సారాంశంలో దాని పేరు రాసి, తెరిస్తే ఎక్కడ చూడాలో కూడా చెప్పండి: "నమూనా పీడీఎఫ్‌లో 37, 38 పేజీలు". అరవై పేజీల ఫైల్ పంపి చూసుకోండి అంటే మళ్లీ తవ్వమన్నట్టే.

తెగిపోయిన కొమ్మలోని మెయిళ్లని ఎలా కలపాలి?

జీమెయిల్‌ని కంప్యూటర్‌లో తెరిస్తే సంభాషణ పైన మూడు చుక్కల మెనూలో `Forward all` ఉంటుంది, అది సంభాషణలో ఉన్న మెయిళ్లన్నీ వరసగా ఒకే మెయిల్లో పెడుతుంది. ఏదీ తప్పిపోదు గానీ చాలా పొడుగవుతుంది. ఒకటి రెండు మెయిళ్లే తెగిపోయి ఉంటే నేను వాటిని అటాచ్‌మెంట్‌గా పెడతాను: జీమెయిల్లో `Forward as attachment` అని ఉంటుంది, ఔట్‌లుక్‌లో కూడా అదే పేరు. అలా పంపితే ఆ మెయిల్ మొత్తం, ఎవరు ఎప్పుడు పంపారన్న వివరాలతో సహా, ఒక ఫైల్‌గా వెళ్తుంది.

ఆ మెయిల్‌లోని మాటల్ని కాపీ చేసి మీ సారాంశంలో అతికించొచ్చా అంటే, ఒక వాక్యం అయితే అతికించొచ్చు, ఎవరిదో ఏ తేదీదో చెప్పి. పేరాలకి పేరాలు అయితే వద్దు.

కింద ఉన్న పాత మెయిళ్లలో అనవసరమైనవి తీసేయొచ్చా?

తీసేయొచ్చు, మార్చకూడదు. ఈ రెండింటి మధ్య గీత చాలా పాతది. ఇంటర్నెట్‌లో ఎలా మెలగాలో చెబుతూ 1995లో వచ్చిన RFC 1855 అనే పత్రంలోనే ఉంది: ఫార్వర్డ్ చేసే మెయిల్లో మాటలు మార్చొద్దు, కావాలంటే కుదించి అవసరమైన భాగం మాత్రమే పంపొచ్చు, కానీ అది ఎవరిదో సరిగ్గా చెప్పండి అని. రిప్లై ఇచ్చేటప్పుడు అసలు మెయిల్ సారాంశం పైన పెట్టండి, లేదా సందర్భం తెలిసేంత ముక్క ఉంచండి అని కూడా అదే పత్రం చెబుతుంది. ముప్పై ఏళ్లయింది, మనం ఇంకా "కింది మెయిల్ చూడండి" దగ్గరే ఉన్నాం, సరే.

తీసేస్తే తీసేశానని చెప్పండి. "3 నుంచి 6 వరకు మెయిళ్లు కొటేషన్ గురించి, తీసేశాను, కావాలంటే పంపుతాను" అంటే చాలు. చెప్పకుండా కత్తిరిస్తే, తర్వాత ఎవరైనా పూర్తి చైన్ చూపించినప్పుడు మీరేదో దాచినట్టు అవుతుంది, మీ ఉద్దేశం ఏదైనా సరే. అక్షర దోషం కనిపించినా, తప్పు తేదీ కనిపించినా కింద ముట్టుకోకండి. దిద్దుబాటు పైన సారాంశంలో రాయండి.

చైన్‌లో బయటివాళ్లకి కనపడకూడనివి ఉంటే?

అప్పుడు ఫార్వర్డే వద్దు. కొత్త మెయిల్ రాయండి, అందులో సారాంశం మాత్రమే పెట్టండి. ముప్పై మెయిళ్ల చైన్‌లో ఎక్కడో ఒకచోట అంతర్గత రేట్లు, ఎవరి గురించో విసుగ్గా అన్న మాట, ఒకరి వ్యక్తిగత ఫోన్ నంబర్ ఉండకుండా ఉండదు. అడుగుదాకా చూసి అన్నీ ఏరి తీసేస్తాను అనుకోవడం నమ్మదగ్గ పద్ధతి కాదు, మూడు చుక్కల వెనక ఒకటి మిగిలిపోతుంది. మీరు రాసే సారాంశం దానికదిగా నిలబడేలా ఉంటే చైన్ లేకపోయినా పని జరుగుతుంది. నిజానికి సారాంశం బాగా కుదిరిందా లేదా అని చూసుకోవడానికి ఇదే పరీక్ష: కింద ఉన్నదంతా తీసేసినా మనిషి నిర్ణయం తీసుకోగలగాలి.

ఎవరైనా మీకొక్కరికే నమ్మకంగా రాసిన మెయిల్ చైన్‌లో ఉంటే ముందు వాళ్లని అడగండి.

చైన్‌లో ఉన్నవాళ్లందర్నీ సీసీలో పెట్టాలా?

నిర్ణయం తీసుకునేవాళ్లు కాక, మీరు ఎవరి మాటని సారాంశంలో చెప్పారో వాళ్లని పెట్టడం మంచిది. డిజైనర్ అన్నది నేను తప్పుగా అర్థం చేసుకుని ఉంటే డిజైనరే చూసి దిద్దుతారు. బయటి సంస్థవాళ్లని, ఈ ఉదాహరణలో ప్రెస్‌ని, పెట్టకూడదు: మన దారులు, మన అభిప్రాయం వాళ్ల ముందు పరిచి తర్వాత రేటు మాట్లాడటం కుదరదు. మిగతా పదిమందికీ "పేపర్ విషయం మేడమ్ గారికి పంపాను, రేపు 5 లోపు తేలుతుంది" అని పాత చైన్‌లోనే ఒక లైన్ రాస్తే సరి, లేకపోతే అక్కడ చర్చ నడుస్తూనే ఉంటుంది.

నేను పంపాక చైన్‌లో కొత్త మెయిల్ వచ్చి పరిస్థితి మారితే?

అందుకే "ఇప్పటి పరిస్థితి" పక్కన సమయం వేయడం అలవాటు చేసుకోండి: "12 మధ్యాహ్నం 3కి". మారితే మీ మెయిల్‌కే రిప్లై ఇచ్చి, మారింది మాత్రం మొదటి లైన్లో చెప్పండి: "మార్పు: విడగొట్టినా రేటు మారదని ప్రెస్ ఇప్పుడే చెప్పారు. మిగతాదంతా ముందు చెప్పినట్టే." మొత్తం సారాంశం మళ్లీ అతికించి పంపితే ఏది మారిందో వాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి పోల్చుకోవాల్సి వస్తుంది.

మారింది దారుల్నే తలకిందులు చేసేటంతటిదైతే, అంటే 80 పేపర్ రేపే వస్తోందని తెలిస్తే, మెయిల్ మీద ఆధారపడకుండా ఫోన్ చేయండి.

ఎప్పుడు ఇదంతా అక్కర్లేదు?

చదివేవాళ్లు చైన్‌లో మొదటినుంచీ ఉంటే. లేదా మూడు నాలుగు చిన్న మెయిళ్లే అయితే, అప్పుడు ఒక్క వాక్యం చాలు. ఫిర్యాదు విచారణలాంటి వాటిలో ఎవరేమన్నారో యథాతథంగా చూడటమే వాళ్ల పని అయితే, మీ సారాంశం వాళ్ల బుర్రలో ముందే ఒక రంగు పులుముతుంది, అక్కడ "మొత్తం 27 మెయిళ్లు, 3 నుంచి 12 వరకు, రెండు విడిగా జతచేశాను" అని లెక్క మాత్రం ఇచ్చి వదిలేయాలి.

నాకే ఎవరో సారాంశం లేకుండా ముప్పై మెయిళ్లు పంపారు. ఏం చేయాలి?

పంపినవాళ్లు మీ కంటే చిన్నవాళ్లో, తోటివాళ్లో అయితే మొహమాటం లేకుండా అడగండి, కానీ "సారాంశం పంపండి" అని గాలిలో కాదు. "నేను ఏం తేల్చాలి, ఎప్పటిలోపు, ఉన్న దారులేంటి, ఈ మూడు చెప్పండి" అని అడిగితే వాళ్లకి ఏం రాయాలో తెలుస్తుంది, తర్వాతిసారి ముందే రాసి పంపే అవకాశం కూడా ఉంది.

పంపింది పైవాళ్లయితే, అడగడం కుదరకపోతే, చైన్ మీరే చదివి మీకు అర్థమైంది నాలుగు లైన్లలో రాసి తిరిగి పంపండి: "సర్, నాకు అర్థమైంది ఇది. పేపర్ 20న వస్తుంది, క్లాసులు 24న, 13 లోపు ప్రెస్‌కి చెప్పాలి. నేను ప్రెస్‌తో మాట్లాడి 150 కాపీలకి రేటు కనుక్కోవాలి, అంతేనా?" తప్పుగా అర్థం చేసుకుని ఉంటే పని మొదలుపెట్టకముందే "కాదు, పూర్తి 500కి" అని ఒక్క మాటలో వచ్చేస్తుంది. సరే అంటే, ఆ నాలుగు లైన్లే ఇకమీదట ఆ చైన్‌కి పైన ఉండాల్సిన సారాంశం, తర్వాత ఎవరికి ఫార్వర్డ్ చేయాల్సొచ్చినా అవే తీసుకుని, తేదీ మార్చి పెట్టుకోవచ్చు.